2001 నాటి తెల్లకాగితం పంపకం ఆడపిల్లల వాటాను ఆపగలదా?

పర్లాకిమిడి దగ్గర తాత నుంచి వచ్చిన 6 ఎకరాల పల్లం. తండ్రి 2003లో పోయారు, తల్లి అంతకుముందే. మిగిలింది ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. తండ్రీ తానూ 2001లో చెరి సగం పంచుకున్నామని అన్నయ్య ఒక తెల్లకాగితం చూపిస్తున్నాడు. నోటరీ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పట్టా మాత్రం అప్పుడు తండ్రి పేరునే ఉంది. ఆయన లెక్కలో తన సగం 3 ఎకరాలు, తండ్రి సగంలో మూడోవంతు మరో ఎకరం. చెల్లెళ్లకు చెరో ఎకరం.

2020 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పు ప్రకారం కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, వారసత్వ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు. ఆ లెక్కన ముగ్గురికీ తలా 2 ఎకరాలు. నోటిమాట పంపకాన్ని ప్రభుత్వ రికార్డుల బలం ఉంటే తప్ప, అదీ అరుదుగా, ఒప్పుకోరన్నదీ అందులోనే ఉంది.

అసలు చిక్కు ఇక్కడ: 2010లో పట్టా అన్నయ్య ఒక్కడి పేరుకే మారింది. పట్టా హక్కునివ్వదు, నిజమే. కానీ ఆ మార్పునే పాత పంపకానికి రుజువుగా చూపిస్తే? గజపతి, రాయగడ వైపు పార్టిషన్ దావాలు నడిపినవారు చెప్పండి: ఆ మార్పు ఫైల్లో ఏ కాగితాల నకళ్లు ముందు తీయించాలి? ఈలోగా అమ్మకం జరగకుండా ఇంజంక్షన్ దావాతోపాటే అడగాలా?