పెళ్ళిలో వరుణ్ణి ఆటపట్టించే ప్రసంగం: నవ్వుల నుంచి ఆశీస్సులకు మళ్ళడం ఎలా?

చిన్ననాటి నేస్తం

నా బాల్యమిత్రుడి పెళ్ళిలో ఐదు నిమిషాలు మాట్లాడమని రెండు కుటుంబాలవారూ నన్ను అడిగారు. వరుణ్ణి కాస్త ఆటపట్టించి, చివరకు మనసారా దీవించి ముగించాలన్నది నా కోరిక. చిత్తుప్రతిలో మూడు సంగతులు రాసుకున్నాను. ఇంటి నుంచి బయలుదేరిన ప్రతిసారీ తాళం సరిగా పడిందో లేదోనని వెనక్కి వెళ్ళి చూసి వచ్చే అతని అలవాటు మొదటిది. మొదటి ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో చెప్పకుండా రోజూ ఆఫీసుకు వెళ్తున్నట్టే తయారై బయలుదేరిన వైనం రెండవది. కాలేజీలో ఒక అమ్మాయికి రాసిన ఉత్తరం అధ్యాపకుడి చేతిలో పడిన కథ మూడవది. మా స్నేహితులం ఎప్పుడు తలచుకున్నా వీటికి పడీపడీ నవ్వుతాం. ఆ తరువాత "ఇంతవరకు సరదాకు అన్నాను, నిజానికి మావాడు బంగారం, దంపతులిద్దరూ కలకాలం సుఖంగా ఉండాలి" అని ముగించాను. చదువుకుంటే ఆ చివరి భాగం అతికించినట్టుగా ఉంది. దానిని ఎలా సరిచేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మాటకారి

నేను పాటించే సూత్రం ఒక్కటే. ప్రతి హాస్య సంఘటనలోనూ ఓడిపోయేది, నవ్వులపాలయ్యేది మాట్లాడేవారే కావాలి. వరుణ్ణి పైకెత్తి మిమ్మల్ని మీరు తగ్గించుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు, ఆశీస్సులు కూడా సహజంగా అమరిపోతాయి. నా తమ్ముడి పెళ్ళిలో అలాగే మాట్లాడాను, అందరూ మెచ్చుకున్నారు. మీ మూడు కథల్లోనూ మిమ్మల్ని మీరు ఇరికించుకోండి, సరిపోతుంది.

పద్మాక్షి

దీవెన వాక్యాలు కావాలని అడుగుతున్నారు కాబట్టి నా దగ్గర ఉన్నవి చెబుతాను. మా అక్కయ్య పెళ్ళికి ఆయురారోగ్యాలు, అష్టైశ్వర్యాలు, కీర్తిప్రతిష్ఠలు, సంతానసౌభాగ్యం అన్నీ వచ్చేలా ఒక పేజీ నిండా రాసి చదివాను. పెద్దలు చాలా సంతోషించారు. కావాలంటే అది మొత్తం ఇక్కడ పెడతాను, పేర్లు మార్చుకుని వాడుకోవచ్చు.

వేదిక వెనుక

పెళ్ళి వేదికల మీద వ్యాఖ్యానం చేయడం నా వృత్తి. మాట్లాడబోయే స్నేహితుల కాగితాలు ముందుగా చూసిపెట్టడం కూడా అందులో భాగమైపోయింది. పద్మాక్షి గారూ, మీ అక్కయ్య గురించి మీరు చదివిన దీవెన ఆ సభకు తగినదే. అయితే పేర్లు మార్చితే ఏ జంటకైనా సరిపోయే దీవెన, అంతవరకు ఒక మనిషి గురించే మాట్లాడిన ప్రసంగానికి అతకదు. నేస్తం గారు అడుగుతున్నది ఆ అతుకు గురించేనని నాకు అనిపిస్తోంది.

మీ చిత్తుప్రతిలో అసలు చిక్కు "ఇంతవరకు సరదాకు అన్నాను" అన్న వాక్యంలో ఉంది. ఆ మాట అనగానే మీరు చెప్పినదంతా వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది. ముందు చెప్పినది ఉత్తుత్తి మాటైతే తరువాత చెప్పే పొగడ్త మాత్రం నిజమని సభ ఎందుకు నమ్మాలి? అందుచేత ఆటపట్టించిన అలవాటును వదిలేసి మరో గుణాన్ని పొగడకండి. నవ్వించడానికి వాడిన అలవాటే మరో సందర్భంలో ఎవరికి ఆసరా అయిందో ఒక సంఘటనగా చెప్పండి. దీవెన ఆ సంఘటనలో నుంచి పుట్టాలి.

ఈ కొలతతో చూస్తే మీ మూడింటిలో తాళం కథ ఒక్కటే పనికివస్తుంది. అది అందరికీ కనిపించే అలవాటు, ఎవరి పరువుకూ సంబంధం లేనిది, అతను రేపు కూడా చేయబోయేది. ఉద్యోగం పోయిన కథలో అతను అప్పుడు పడిన బాధ ఉంది. స్నేహితులు కలిసి నవ్వుకోగలిగిన దానికి, అతని తల్లిదండ్రులు నలుగురిలో మొదటిసారి వింటే నవ్వలేరు. ఉత్తరం కథను నేనైతే మారుమాట లేకుండా కొట్టేస్తాను.

మాటకారి గారి సూత్రంలో సగం నిజం ఉంది. మాట్లాడేవారు కూడా కథలో ఉంటే వెటకారం పదును తగ్గుతుంది. అయితే ప్రతిసారీ మనమే ఓడిపోతూ ఉంటే ప్రసంగం మన గురించి అయిపోతుంది, వరుడు తన పెళ్ళిలో తానే ప్రేక్షకుడవుతాడు. ఒక్కచోట చాలు.

వధువు తరఫు

ఉత్తరం కథ గురించి నా అనుభవం చెప్పాలి. నా పెళ్ళిలో మావారి స్నేహితుడు ఇలాంటి పాత ప్రేమకథే చెప్పారు. నాకు అంతకుముందే అది తెలుసు, నాకు బాధ కూడా కలగలేదు. కానీ అది వినగానే మా బంధువులంతా ఒక్కసారిగా నా ముఖం వైపు చూశారు. ఆ తరువాత ఆయన ఎంత చక్కగా దీవించినా నాకు ఒక్క వాక్యం గుర్తులేదు. నవ్వుతూ కనిపించాలి కదా అన్న ప్రయాసలోనే ఆ నిమిషాలు గడిచిపోయాయి. అందుకని, ఈ విషయం వధువుకు ముందే తెలుసా అన్న ప్రశ్న ఒక్కటే వేసుకుంటే చాలదని నా అభిప్రాయం. అది విన్న క్షణాన సభంతా ఎవరి వైపు చూస్తుందో కూడా ఆలోచించండి. తాళం కథ వింటే అందరూ వరుడి వైపే చూస్తారు.

వేదిక వెనుక

ఇంత సూటిగా నేను చెప్పలేకపోయాను. దీనికి తోడు వేదిక మీద నేను గమనించేది ఒకటుంది. హాస్యం సరిగ్గా తగిలితే వరుడు ముందు నవ్వి, తరువాత వధువు వైపు తిరుగుతాడు. గురి తప్పితే ముందు వధువు ముఖం చూసి, తరువాత నవ్వుతాడు. రెండవది కనిపించిన వెంటనే కాగితంలో మిగిలిన హాస్యాన్ని వదిలి దీవెనలోకి వెళ్ళిపోవాలి. నవ్వు ఒక మూల నుంచి మాత్రమే వస్తుంటే అది మీ మిత్రబృందానికి మాత్రమే తెలిసిన సంగతి అని అర్థం. అలాంటిదాన్ని వివరించబోతే ఇంకా చల్లారిపోతుంది.

చిన్ననాటి నేస్తం

రెండు కథలూ తీసేశాను. తాళం సంగతికి సరిపోయే సంఘటన ఒకటి గుర్తుకు వచ్చింది. ఇప్పుడు ఇలా రాశాను, దయచేసి చూడండి.

"మావాడు తాళం వేస్తాడు. లాగి చూస్తాడు. మెట్లు దిగుతాడు. వీధి మలుపు దాకా వస్తాడు. అక్కడ ఆగి, 'ఒక్క నిమిషం' అంటాడు. ఆ ఒక్క నిమిషంలో మేము ఎన్ని బస్సులు వదులుకున్నామో ఆ బస్సుల వాళ్ళకే తెలియాలి. ఒకసారి విసుగెత్తి, ఈసారి నేను వేస్తానని తాళం చెవి లాక్కున్నాను. తాళం గట్టిగానే వేశాను, చెవి మాత్రం లోపల పెట్టి వేశాను. ఆ రాత్రంతా మెట్ల మీద కూర్చున్నాం. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ అప్పుడప్పుడు లేచి తాళం లాగి చూస్తూనే ఉన్నాడు.

"తరువాత కొన్నాళ్ళకు నేను జ్వరంతో ఒంటరిగా ఉన్నప్పుడు ఫోను చేసి మందు వేసుకున్నావా అని అడిగాడు. వేసుకున్నానన్నాను. కాసేపటికి మళ్ళీ చేశాడు. తెల్లవారుజామున తలుపు తడితే తీశాను, ఎదురుగా అతనే. 'ఒక్క నిమిషం, చూసి వెళ్దామని వచ్చాను' అన్నాడు. అతను ఒకటికి రెండుసార్లు చూసుకునేది తాళాన్ని మాత్రమే కాదని నాకు ఆ రోజు తెలిసింది. తనవాళ్ళు అనుకున్న ప్రతి ఒక్కరినీ అలాగే చూసుకుంటాడు."

దీని తరువాత దీవెన దగ్గర ఆగిపోయాను.

మాటకారి

తాళం చెవి లోపల పెట్టింది మీరే కావడం చాలా బాగుంది. ఒక్కచోట చాలని ఎందుకన్నారో ఇప్పుడు అర్థమైంది. అయితే రెండు కథల మధ్య మరో హాస్య సంఘటన ఉంటే సభ ఇంకా ఊపందుకుంటుందని ఇప్పటికీ నా నమ్మకం.

వేదిక వెనుక

ఐదు నిమిషాలకు ఈ ఒక్క అలవాటు చాలు. తెలుగులో నిదానంగా, వెనక వరుసకు వినబడేలా మాట్లాడితే నిమిషానికి 90 నుంచి 100 మాటలకు మించి పోవు. నవ్వులకు ఆగే సమయం పోను మీకు మిగిలేది 400 మాటల చోటు. అందులో హాస్యానికి సగానికి కాస్త ఎక్కువ, జ్వరం సంఘటనకు నూరు, దీవెనకు 60 లేదా 70 మాటలు కేటాయించండి. దీవెన పొడుగైతే పలచబడుతుంది.

మీ పాఠంలో రెండు మార్పులు సూచిస్తాను. "అతను ఒకటికి రెండుసార్లు చూసుకునేది" అన్న వాక్యం నుంచి దంపతుల వైపు తిరగండి. అంతవరకు సభతో అతని గురించి చెబుతున్నారు, ఇకపై వారిద్దరితోనే మాట్లాడాలి. శరీరం తిరిగితే గొంతు కూడా దానంతట అదే మారుతుంది. తిరిగే ముందు రెండు మూడు క్షణాలు మౌనంగా ఉండండి. జ్వరం కథలో "ఒక్క నిమిషం" అన్న మాటకు సభ మళ్ళీ నవ్వుతుంది, ఆ నవ్వు పూర్తిగా తగ్గనివ్వకుండా దీవెన మొదలుపెడితే మొదటి వాక్యం ఎవరికీ వినబడదు.

ఇక దీవెనలో వధువును పేరు పెట్టి పలకరించండి. అంతదాకా ఆమె ప్రసంగంలో లేదు. ఇలా అనవచ్చునేమో చూడండి: "అమ్మా, ఇక మీదట వీధి మలుపులో ఆగి ఎదురుచూసే వంతు నీది. అతను వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ నీకు విసుగుకు బదులు నవ్వే రావాలి. నీ మనసు బాగాలేని రోజున అతను అడగకముందే వచ్చి చూసుకోవాలి, అతనికి బెంగ కలిగిన రోజున అంతా భద్రంగానే ఉందని చెప్పే తోడు నువ్వు కావాలి. మీ ఇంట సంతోషం నిండుగా ఉండాలి. నిండు నూరేళ్ళూ చల్లగా ఉండండి."

పద్మాక్షి

ఇది చదివాక ప్రశ్న అర్థమైంది. నా పేజీ ఇక్కడ పనికిరాదు. అయినా సంతానం గురించి ఒక్క మాట లేకపోతే పెద్దలు లోటుగా భావిస్తారేమో.

వధువు తరఫు

ఆ మాట పెద్దలు ఎలాగూ అంటారు, అనడానికి వారికి చనువు ఉంది. స్నేహితుడి నోట అది లేకపోయినా లోటు కాదని నేను అనుకుంటాను. "అమ్మా, నీది" అన్న పిలుపు కూడా మీకూ ఆమెకూ ఉన్న పరిచయాన్ని బట్టి నిర్ణయించుకోండి. పరిచయం తక్కువైతే "మీరు" అనడమే మర్యాద.

చిన్ననాటి నేస్తం

ఆమెతో నాకున్నది కొద్దిపాటి పరిచయమే కనుక "మీరు" అనే రాసుకున్నాను. సంతానం మాట పెద్దలకే వదిలేస్తున్నాను. మిగిలిన సందేహం ఒకటే. ఈ కాగితం వరుడికి ముందుగా చూపించాలా?

మాటకారి

తప్పకుండా చూపించండి. అభ్యంతరం ఉంటే అప్పుడే చెబుతాడు.

వేదిక వెనుక

చూపిస్తే హాస్యం చప్పబడకపోవచ్చు గానీ, జ్వరం సంఘటన విని అతని ముఖంలో కలిగే మార్పు సభకు దక్కదు. తాళం గురించి మాట్లాడతానని మాత్రం చెప్పి, రెండవ భాగం దాచుకోమంటాను.

వధువు తరఫు

నేనైతే వరుడికి కాక వధువుకు చూపించమంటాను. అతను దేనికి నొచ్చుకుంటాడో, ఏది నవ్వుతూ తీసుకుంటాడో ఆమెకు తెలుసు. పైగా ఆమెకు ముందే తెలిసి ఉంటే, అందరూ అతని వైపు చూస్తున్నప్పుడు ఆమె కూడా నిశ్చింతగా అతని వైపే చూడగలుగుతుంది.

వేదిక వెనుక

అలా చేసినవారిని నేను చూడలేదు, కాబట్టి అవునని గానీ కాదని గానీ అనలేను. నేస్తం గారూ, ఎవరికి చూపించినా చూపించకపోయినా, వరుడితో పరిచయమే లేని ఒకరికి ఒకసారి పైకి చదివి వినిపించండి. మెట్ల మీద కూర్చున్న చోట వారు నవ్వకపోతే "చెవి" అన్న మాట వారికి అందలేదని అర్థం, అక్కడ "తాళం చెవి" అని పూర్తిగా అనండి.