‘నిబద్ధతా సమస్య’కు తెలుగు మాట ఉందా?

తాటాకు: లెక్క తెలిసిన దేశాలు కూడా రాజీ పడకుండా యుద్ధానికి ఎందుకు దిగుతాయన్న వ్యాసం ఒకటి అనువదిస్తున్నాను. రాజీకి రేపు కూడా కట్టుబడి ఉంటామని ఎదుటివాళ్లను నమ్మించలేకపోవడాన్ని అందులో ‘కమిట్‌మెంట్ ప్రాబ్లమ్’ అన్నారు. దాన్ని ‘నిబద్ధతా సమస్య’ అన్నాను. చదివితే ఎవరికో క్రమశిక్షణ లేదన్నట్టుంది.

వేపచెట్టు: ‘పంతం’ అనండి, సరిపోతుంది. పంతాలకు పోబట్టే కదా యుద్ధాలు.

పాతగట్టు: పంతం అంటే అసలు ప్రశ్నే ఎగిరిపోతుందండీ. వంద ఎకరాల తగాదా అనుకోండి. పోరాడితే మొత్తం నాకు దక్కే అవకాశం 60 శాతం, మీకు 40. పోరు ఖర్చు చెరో 10 ఎకరాల విలువ. ఆ లెక్కన పోరులో నాకు సగటున మిగిలేది 50, మీకు 30. నాకు 50 నుంచి 70 లోపు ఎంత వచ్చినా, మిగతాది మీకు పోయినా, ఇద్దరికీ పోరుకన్నా అదే మేలు. మధ్యలో 20 ఎకరాల జాగా ఉండగా బేరం ఎందుకు కుదరదు? 1995లో రాజనీతి శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఫియరన్ పట్టుకున్న ముడి ఇదే.

నల్లరేగడి: ‘బేరం’, ‘బేరీజు’ ఒకే ధాతువా?

పాతగట్టు: అది వేరే చర్చ. 1939 ఫిన్లాండ్ చూడండి. లెనిన్‌గ్రాడ్ పక్కనున్న కరేలియా భూసంధిలో సరిహద్దు వెనక్కి జరపమని, హాంకో రేవును 30 ఏళ్లు కౌలుకిమ్మని సోవియట్లు అడిగారు. బదులుగా ఉత్తరాన దాదాపు రెట్టింపు నేల ఇస్తామన్నారు. ఎకరాలు లెక్కేస్తే ఫిన్లాండుకే లాభం! కానీ వాళ్ల ముఖ్యమైన కోటగోడలు ఆ భూసంధిలోనే ఉన్నాయి. అది వదిలితే రేపటి బేరంలో బలం పోతుంది. రేపు ఇంకా అడగబోమన్న మాటకు సోవియట్లు కట్టుబడేలా చేసేవాడెవడు? అంతకు ముందు ఏడాదే చెకొస్లోవేకియా మ్యూనిక్ ఒప్పందంతో కోటలున్న సరిహద్దును జర్మనీకి పోగొట్టుకుంది, ఆరు నెలలు తిరక్కుండా దేశమే పోయింది. అందుకే నేనైతే ‘పూచీ లేకపోవడం’ అంటాను.

వేపచెట్టు: స్టాలిన్ ఫిన్లాండును తక్కువ అంచనా వేశాడు, అంతే కదా?

పాతగట్టు: అదీ ఉంది, కానీ అది వేరే ముడి. ఎదుటివాడి సత్తువ తెలియకపోవడం. దాన్ని కొంతవరకు పోరే విప్పుతుంది. నవంబరు 30న మొదలైన యుద్ధంలో, మర్నాడే మాస్కో నిలబెట్టిన కూసినెన్ బొమ్మ ప్రభుత్వాన్ని చివరికి పక్కన పెట్టి, 1940 మార్చిలో అసలు ప్రభుత్వంతోనే సంధి చేసుకున్నారు. మొదట అడిగిన దానికన్నా ఎక్కువ నేలే తీసుకున్నారనుకోండి. పూచీ ముడి అలా విడదు. ఇవాళ మనస్ఫూర్తిగా మాటిచ్చినా, బలం మారాక రేపు తప్పడమే లాభమవుతుంది.

తాటాకు: అయితే ‘అపనమ్మకం’ కూడా కుదరదు. అది మనిషి గుణం మీదికి పోతుంది. కానీ పూచీ అంటే మధ్యవాడు ఉండాలి కదా?

పాతగట్టు: అదే కావాలి. అప్పుకి పూచీ పడేవాడుంటాడు, కోర్టుంటుంది. దేశాలకు పైన ఎవరున్నారు?

నల్లరేగడి: మా కరీంనగర్ వైపు పూచీ అంటే ఎవరనరు, జమానతు అంటరు. ‘జమానతు లేని రాజీ’ అని రాస్తే ఎట్లుంటది?

తాటాకు: బెయిలు అనుకుంటారేమో!