“ముదురు గడి బలమైన సంబంధాన్ని చూపుతుంది”: ఈ వాక్యం సరైనదేనా?

పాఠం రాస్తున్న సభ్యుడు:
గ్రూపు పెద్దలకు నమస్కారం. డిగ్రీ విద్యార్థుల కోసం, రెండేసి కొలతలు ఎంతగా కలిసి మారతాయో -1 నుంచి 1 వరకు అంకెల్లో చెప్పే సహసంబంధ మాత్రికను రంగుల్లో చూపే హీట్‌మ్యాప్ గురించి తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఉదాహరణకు ఐరిస్ పూల కొలతలు తీసుకున్నాను. ఎడ్గర్ ఆండర్సన్ కొలిచి, ఆర్. ఎ. ఫిషర్ 1936లో తన వ్యాసంలో వాడుకున్న 150 పూల పట్టిక అది. అందులో మూడు జాతులు, ఒక్కొక్క జాతికి 50 పూలు ఉన్నాయి. ప్రతి పూవుకూ రక్షక పత్రం పొడవు, వెడల్పు, ఆకర్షణ పత్రం పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో ఇచ్చారు. పాఠంలో నేను రాసుకున్న వాక్యం ఇది: “ముదురు గడి బలమైన సంబంధాన్ని చూపుతుంది.” దీన్ని చదివిన ఒక విద్యార్థి నా బొమ్మలో అన్నిటికంటే నల్లగా ఉన్న గడిని చూపించి, “రక్షక పత్రం వెడల్పుకూ ఆకర్షణ పత్రం పొడవుకూ మధ్యనే అన్నిటికంటే బలమైన సంబంధం ఉందన్నమాట” అన్నాడు. ఆ గడిలో ఉన్న అంకె -0.43. దాదాపు మీగడ రంగులో పాలిపోయి ఉన్న మరో గడిలో 0.96 ఉంది. తప్పు విద్యార్థిదా, నా వాక్యానిదా?

విశ్రాంత తెలుగు పండితుడు:
నాయనా, వాక్యంలో దోషమేమీ కనిపించడం లేదు. ‘ముదురు’కు ‘లేత’ ప్రతిపదం. కాయ ముదిరింది, పాకం ముదిరింది, జబ్బు ముదిరింది, తగవు ముదిరింది అన్నప్పుడల్లా ఒక గుణం హెచ్చిందనే అర్థం. కనుక ముదురు గడిలో సంబంధం హెచ్చుగా ఉందనడం తెలుగు నుడికారానికి చక్కగా ఒదుగుతుంది. అన్నట్టు, మనిషిని ‘వాడు ముదురు’ అంటే గడుసువాడని కదా. ఆ అర్థం ఎప్పటినుంచి వాడుకలో ఉందో ఎవరైనా చెప్పగలరా?

గణాంకశాస్త్రం బోధించే సభ్యురాలు:
మాస్టారూ, మీరు చెప్పిన నుడికారం నిజమే, చిక్కంతా అక్కడి నుంచే వచ్చింది. ‘ముదురు’ అనగానే తెలుగు పాఠకుడు ‘ఎక్కువ’ అని చదువుకుంటాడు కానీ, బొమ్మ గీసిన ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. అడిగినవారు బహుశా పైథాన్‌లో బొమ్మలు గీసే సీబార్న్ లైబ్రరీలో రంగులేవీ చెప్పకుండా బొమ్మ గీసి ఉంటారు. అలా వదిలేస్తే అది మాత్రికలోని అతి చిన్న అంకెకు నలుపునూ, అతి పెద్ద అంకెకు పాలిపోయిన మీగడ రంగునూ ఇచ్చి, మధ్యలోని వాటికి ఊదా, ఎరుపు, నారింజ రంగులు వరుసగా పంచుతుంది. ఈ మాత్రికలో అతి చిన్నది -0.43, అతి పెద్దది 1. అందుకే -0.43 నల్లబడింది, 0.96 పాలిపోయింది. ఇంకా వింతేమంటే, అసలు సంబంధమే లేదనదగిన -0.12 కూడా ఆ నలుపు పక్కనే ముదురు ఊదాగా కూర్చుంటుంది. అది రక్షక పత్రం పొడవు, వెడల్పుల గడి. ఆ బొమ్మలో సున్నాకు తనదంటూ ఒక రంగు లేదు. విద్యార్థి మీ వాక్యాన్ని నమ్మి బొమ్మను చదివాడు, అంతే.

బొమ్మను ఇలా గీస్తే మీ వాక్యం నిజమవుతుంది:

```python
sns.heatmap(df.corr(numeric_only=True),
            vmin=-1, vmax=1, center=0,
            cmap="RdBu_r", annot=True, fmt=".2f")
```

ఇప్పుడు సున్నా తెల్లగా ఉంటుంది. ధనం వైపు ఎరుపు, రుణం వైపు నీలం చిక్కబడుతూ పోతాయి. 0.96 చిక్కటి ఎరుపు, -0.43 ఒక మోస్తరు నీలం, -0.12 దాదాపు తెలుపు. అయితే `center=0` అని మాత్రం రాసి `cmap` మరచిపోతే, సీబార్న్ మధ్యలో నలుపు, రెండు చివరలా లేత రంగులు ఉండే మరో వరుసను తీసుకుంటుంది. అక్కడ అన్నిటికంటే ముదురు గడి సున్నా సంబంధానికి గుర్తు. కాబట్టి పక్కనున్న రంగుల పట్టీ చూడకుండా ‘ముదురు’ అన్న మాట ఒక్కటీ ఏమీ చెప్పదు. పట్టీలో సున్నా ఎక్కడుందో చూసి, దాని నుంచి గడి రంగు ఎంత దూరం జరిగిందో చూడమని రాయండి.

అనువాదాలు చేసే సభ్యుడు:
నా దృష్టిలో అసలు దోషి ‘రుణ సహసంబంధం’ అన్న పరిభాష. రుణం అంటే అప్పు, లోటు. అందువల్ల -0.43ను ‘సంబంధం లేకపోవడం’ అనో, -0.87 అంటే ‘సున్నా కన్నా బలహీనం’ అనో చదివేవారిని చూశాను. దాని బదులు ‘విలోమ సంబంధం’ అంటే ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుందని సూటిగా తెలుస్తుంది. బడిలో విలోమానుపాతం అందరూ చదువుకున్నదే కదా.

గణాంకశాస్త్రం బోధించే సభ్యురాలు:
మీ ఫిర్యాదులో సగంతో ఏకీభవిస్తాను. గుర్తు దిశను చెబుతుంది, సున్నా నుంచి దూరం బలాన్ని చెబుతుంది. ఈ రెండింటినీ వేర్వేరు వాక్యాల్లో చెప్పకపోతే విద్యార్థి కలిపేస్తాడు. కానీ ‘విలోమం’ మరో గందరగోళం తెస్తుంది. ఒక పనిని ఒక్కరు 12 రోజుల్లో, ఇద్దరు 6 రోజుల్లో, ముగ్గురు 4 రోజుల్లో, నలుగురు 3 రోజుల్లో చేస్తారనే బడి లెక్కను తీసుకోండి. అది తిరుగులేని విలోమానుపాతం, ప్రతి జతలోనూ లబ్ధం 12. అయినా ఆ నాలుగు జతలకు సహసంబంధ గుణకం కడితే -1 రాదు, సుమారు -0.93 వస్తుంది. ఎందుకంటే ఈ గుణకం కొలిచేది బిందువులు ఒక సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే, ఆ బిందువులేమో వంపు తిరిగిన గీత మీద ఉన్నాయి. ‘విలోమ’ అని రాస్తే విద్యార్థి లబ్ధం స్థిరమనుకుంటాడు. నేనైతే రుణ సహసంబంధమనే రాసి, మొదటిసారి వాడినప్పుడు ‘ఒకటి పెరిగేకొద్దీ మరొకటి తగ్గే ధోరణి’ అని పక్క వాక్యంలో చెబుతాను.

అనువాదాలు చేసే సభ్యుడు:
లెక్క ఒప్పుకుంటాను. అయినా ‘రుణ’ వల్ల వచ్చే అపార్థం ‘విలోమ’ వల్ల వచ్చేదానికంటే పెద్దదని నా అభిప్రాయం. ఇక్కడ మనం ఒక మాట మీదికి వచ్చేలా లేము.

జూనియర్ కళాశాల అధ్యాపకుడు:
నాదొక అనుభవం. మా పిల్లల మార్కుల పట్టికకు ఇలాంటి బొమ్మ గీస్తే, మొత్తం మార్కుల గడుల వరుస అంతా చిక్కటి ఎరుపులో వచ్చింది. లెక్కల మార్కులకూ మొత్తానికీ మధ్య అంత బలమైన సంబంధం కనబడేసరికి, లెక్కలే అన్నిటికీ మూలమని సమావేశంలో చెప్పేశాను. ఇందులో పొరపాటు ఉందా?

గణాంకశాస్త్రం బోధించే సభ్యురాలు:
ఉందండీ. మొత్తంలో లెక్కల మార్కులు ఒక భాగం కాబట్టి, ఆ గడి ఎరుపెక్కడంలో కొంత వాటా లెక్కలను లెక్కలతోనే పోల్చడం వల్ల వచ్చింది. మొత్తం మార్కులున్న నిలువు వరుస ఒక్కదాన్నీ తీసేసి మళ్లీ గీయండి. మీ బొమ్మలో మూలగా దిగే గడులన్నీ 1గా ఉన్నాయి కదా, అవి ప్రతి చలరాశినీ దానితోనే పోల్చిన గడులు. మొత్తం మార్కుల గడులు వాటికి చుట్టాలే. ఆ మూలగీతకు పైనా కిందా ఉన్న అంకెలు కూడా ఒకటే, ఐరిస్‌లో 16 గడులున్నా చదవవలసినవి ఆరే.

ఆ ఆరింటిలోకి తిరిగి వస్తాను, ఎందుకంటే ఆ విద్యార్థి చూపిన గడి నిజంగానే ఆసక్తికరమైనది, ఆయన అనుకున్న కారణానికి కాదు గానీ. మూడు సంబంధాలు బలంగా ఉన్నాయి: ఆకర్షణ పత్రం పొడవు, వెడల్పులకు 0.96, రక్షక పత్రం పొడవుతో ఆ రెండింటికీ వరుసగా 0.87, 0.82. రక్షక పత్రం వెడల్పు మాత్రం మిగిలిన మూడింటితోనూ రుణం వైపు ఉంటుంది. రక్షక పత్రం వెడల్పయిన పూలలో ఆకర్షణ పత్రం పొట్టిగా ఉంటుందని -0.43 చెబుతున్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు జాతులను విడదీసి చూడండి:

```python
df.groupby("species")[["sepal_width", "petal_length"]].corr()
```

సెటోసాలో 0.18, వెర్సికలర్‌లో 0.56, వర్జినికాలో 0.40 వస్తాయి. మూడింటిలో ఏ ఒక్కటీ రుణం కాదు! మరి -0.43 ఎక్కడిది? సెటోసా పూలలో రక్షక పత్రం సగటు వెడల్పు 3.43 సెంటీమీటర్లు, ఆకర్షణ పత్రం సగటు పొడవు 1.46 మాత్రమే. వెర్సికలర్‌లో అవే 2.77, 4.26, వర్జినికాలో 2.97, 5.55. సెటోసా గుంపు మొత్తం ఒక మూలన విడిగా నిలబడటం వల్ల, మూడు గుంపులనూ కలిపి గీత గీసినప్పుడు అది కిందికి వాలింది. ఆ నీలం గడి జాతుల మధ్య తేడాను చూపుతోంది తప్ప ఒక జాతిలోని పూల స్వభావాన్ని కాదు.

0.96కూ కొంత ఇదే కథ. ఆకర్షణ పత్రం పొడవు, వెడల్పుల సంబంధం వెర్సికలర్‌లో 0.79గా నిలబడుతుంది కానీ, సెటోసాలో 0.33కూ వర్జినికాలో 0.32కూ పడిపోతుంది. అందుకే చిక్కటి గడి కనబడగానే ఆ జతకు చుక్కల బొమ్మ గీసి, జాతికొక రంగు వేసి చూడమని మా విద్యార్థులకు చెబుతాను. చుక్కలు ఒకే గుంపుగా సాగుతున్నాయా, విడివిడి గుంపులుగా ఉన్నాయా అన్నది హీట్‌మ్యాప్‌లో కనిపించదు.

విశ్రాంత తెలుగు పండితుడు:
అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ‘చిక్కటి’ అన్న మీ మాట నాకు నచ్చింది. ‘ముదురు’ నలుపు వైపు లాగుతుంది. ‘చిక్కటి’ ఏ రంగుకైనా ఆ రంగులోనే సాంద్రతను చెబుతుంది. చిక్కటి ఎరుపు, చిక్కటి నీలం అంటే తెలుపు నుంచి దూరం జరగడమే కదా.

పాఠం రాస్తున్న సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. బొమ్మ మార్చి గీశాను, వాక్యం ఇలా మార్చాను: “ఈ బొమ్మలో తెలుపు సున్నాకు గుర్తు, ఎరుపైనా నీలమైనా గడి ఎంత చిక్కబడితే రెండు కొలతల మధ్య సరళరేఖా సంబంధం అంత బలమైనది.” హీట్‌మ్యాప్‌ను ‘ఉష్ణపటం’ అనమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఇందులో వేడి ఎక్కడా లేదని నా సందేహం.

అనువాదాలు చేసే సభ్యుడు:
‘వర్ణపటం’ అందామంటే భౌతికశాస్త్రం వారు కాంతికి ఎప్పుడో తీసేసుకున్నారు. ‘రంగుగళ్ల పట్టిక’ అంటే ఎలా ఉంటుంది?

విశ్రాంత తెలుగు పండితుడు:
చీర అంచులా వినిపిస్తోంది నాయనా. మరొకటి ఆలోచించండి.