అద్దె రసీదులు గడువు దాటాక ఇస్తే కంపెనీ తీసుకోవాలా, వద్దా?

రవళి: రసీదులకు మా ఆఫీసు పెట్టిన గడువు 2025 జనవరి 15. నేను ఫిబ్రవరి 3న ఇచ్చాను. అప్పటికే జనవరి జీతంలో టీడీఎస్ 1,222 నుంచి 10,374కు పెరిగింది. "పోర్టల్ మూసేశాం" అంటున్నారు. హెచ్ఆర్ఏ మినహాయింపు ఇప్పుడైనా వేయమని గట్టిగా అడగొచ్చా? ఉండేది హైదరాబాద్, పాత పన్ను విధానం. నెలకు బేసిక్ 40,000, హెచ్ఆర్ఏ 16,000, అద్దె 15,000.

సుధాకర్: గడువు దాటితే ఆ ఏడాదికి అంతేనండి. మా సెక్షన్లో ఒకాయన అలాగే వదిలేసుకున్నాడు.

వేణు: ఆయన వదిలేసుకున్నాడు కాబట్టి పోయింది సుధాకర్ గారూ. నేను పేరోల్‌లోనే పనిచేస్తాను. జనవరి 15 అనేది కంపెనీ తన సౌకర్యం కోసం పెట్టుకున్న తేదీ, చట్టంలో లేదు. మార్చి జీతాల లెక్క ముగిసేదాకా టీడీఎస్ సర్దే వీలుంది.

రవళి గారూ, మీ ఏడాది అద్దె 1,80,000లోంచి బేసిక్‌లో పదో వంతు, అంటే 48,000 తీసేస్తే 1,32,000. మీకు వచ్చే హెచ్ఆర్ఏ, బేసిక్‌లో 40 శాతం రెండూ 1,92,000 కాబట్టి తక్కువదైన 1,32,000కే మినహాయింపు. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 27,456 తేడా.

ఇప్పుడు ఒప్పుకున్నా అంతా జీతంలో తిరిగి రాదు. డిసెంబరు దాకా తొమ్మిది నెలలు 1,222 చొప్పున, జనవరిలో 10,374, మొత్తం కోసింది 21,372. మినహాయింపు వేస్తే మీ ఏడాది పన్ను 14,664. ఫిబ్రవరి, మార్చిల్లో ఏమీ కోయకపోయినా 6,708 ఎక్కువే కట్టినట్టు. అది రిటర్న్ వేసి రీఫండ్‌గా తెచ్చుకోవాలి.

ప్రసన్న: నేను మా అమ్మకు అద్దె ఇస్తున్నాను. ఆ రసీదు పనికొస్తుందా?

వేణు: ఇల్లు ఆవిడ పేరున ఉండి, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్తే పనికొస్తుందమ్మా. ఆవిడ దాన్ని తన ఆదాయంలో చూపాలి.

కిరణ్: చట్టంలో తేదీ లేనప్పుడు కంపెనీ తీసుకుని తీరాలి. అద్దెలాంటి మినహాయింపుల వివరాలు రాసి ఆఫీసుకిచ్చే ఫారం 12బీబీ ఇచ్చాక కాదనే హక్కు వాళ్లకు లేదు.

వేణు: అంత ఖచ్చితంగా నేను అనలేను. రుజువులు చూసే బాధ్యత వాళ్లదే. కానీ ఆఖరి వారంలో వచ్చిన కాగితాన్ని పరిశీలించే టైం లేదంటే అదీ నిజమే. ఫిబ్రవరి 3కి మాత్రం ఆ సాకు చెల్లదు.

కిరణ్: నేను ఒప్పుకోను. నెలకు పదివేలు కోస్తే అద్దె కట్టేది ఎలా?

రవళి: వాళ్లు కాదంటే?

వేణు: రిటర్న్‌లో మీరే క్లెయిమ్ చేయండి, ఫారం 16లో లేకపోయినా ఫర్వాలేదు. అయితే గడువులోపే వేయాలి. ఆలస్యమైతే పాత విధానం ఎంచుకునే వీలే పోతుంది, దాంతో హెచ్ఆర్ఏ కూడా. ఫారం 16తో తేడా కనిపిస్తే నోటీసు రావచ్చు, కాబట్టి అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి. అద్దె ఏడాదికి లక్ష దాటింది కాబట్టి ఆఫీసుకిచ్చే ఫారంలో ఓనర్ పాన్ ఉండాలి.

రవళి: పాన్ అడిగితే ఓనర్ ఆంటీ "మళ్లీ చూద్దాం" అంటున్నారు. నా ఆలస్యానికి అసలు కారణం అదే.