రెండు ల్యాప్‌టాప్‌ల్లోనూ 4060 యే, 14 అంగుళాలదా 16 అంగుళాలదా? (చెన్నై, బీ.ఆర్క్)

తాంబరం_నాన్న
నమస్కారమండీ. మా అమ్మాయి బీ.ఆర్క్ రెండో ఏడు. రోజూ తాంబరం నుంచి గిండీకి లోకల్ ట్రైన్లో వెళ్లొస్తుంది. ఈ సెమిస్టర్ నుంచి స్కెచప్, రెవిట్, వాటిపైన ఎన్‌స్కేప్ రెండర్లు అడుగుతున్నారట. రిచీ స్ట్రీట్‌లో రెండు ల్యాప్‌టాప్‌లు చూశాం. ఒకటి 14 అంగుళాలది, 1.7 కిలోలు. రెండోది 16 అంగుళాలది, 2.5 కిలోలు, చార్జరే ఇటుకంత ఉంది. రెండింట్లోనూ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డే. ధరలో ఐదారు వేలే తేడా. కార్డు ఒకటే అయినప్పుడు తేలికది తీసుకుంటే సరిపోదా? ఇంట్లో ఏసీ ఒక్క గదికే ఉంది, తను హాల్లో కూర్చుని చేసుకుంటుంది. వారంటీ పొడిగించుకోవాలా అన్నది కూడా చెప్పండి.

కడప_కుర్రోడు
అన్నా, తీసుకోవద్దు. నేను నాలుగో ఏడు, హాస్టల్. నాకూ అదే మాట చెప్పి సన్నది అంటగట్టినారు, "రెండూ 4060 యే తమ్ముడూ" అని. పోయిన సెమిస్టర్ జ్యూరీకి 20 సెకన్ల వాక్‌త్రూ పెట్టినా. సెకనుకు 30 ఫ్రేములు, మొత్తం 600. మొదట్లో ఫ్రేముకి 12 సెకన్లు పడుతుంటే రెండు గంటల్లో అయిపోతుందిలే అని పడుకున్నా. లేచి చూస్తే ఫ్రేముకి 20 సెకన్లు. మూడు గంటలు దాటింది. పొద్దున 9కి జ్యూరీ, షీట్లు ప్రింటుకి ఇచ్చే టైము కూడా దొరకలేదు. నా క్లాస్‌మేట్ దగ్గర లావు ల్యాప్‌టాప్, అదే 4060, అదే ఫైలు, రెండు గంటల లోపే.

ప్లాన్_సెక్షన్
18 ఏళ్లుగా క్యాడ్ మీదే బతుకుతున్నాను. ఆటోక్యాడ్‌కి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, దాదాపు అంతా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. రెవిట్ మోడలింగూ అంతే, ఎక్కువ భాగం ఒక్క కోర్ మీదే. మంచి ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్ ఉంటే చాలు. కార్డుకి డబ్బు తగలేయకండి. అంతగా కావాలంటే వర్క్‌స్టేషన్ కార్డు కొనండి, గేమింగ్ కార్డులు పిల్లలు ఆడుకోవడానికి.

గచ్చు_గోడ
ప్లాన్_సెక్షన్ గారూ, ఆటోక్యాడ్ గురించి మీరన్నది నిజమే. కానీ ఆ అమ్మాయి చేయాల్సింది ఎన్‌స్కేప్. అది కార్డు మీదే నడుస్తుంది. నేను నుంగంబాక్కంలో 11 ఏళ్లుగా విజువలైజేషనే చేస్తున్నాను.

తాంబరం_నాన్న గారూ, "కార్డు ఒకటే" అన్న మాటలోనే తిరకాసు ఉంది. ల్యాప్‌టాప్ 4060 కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు ఇవ్వాలన్నది తయారీదారు ఇష్టం. సన్నటి పెట్టెలో వేడి బయటికి పోయే దారి తక్కువ కాబట్టి అక్కడ తగ్గించి ఇస్తారు. మెమరీ రెండింట్లోనూ 8 జీబీయే, అందుకని సీను రెండింట్లోనూ తెరుచుకుంటుంది. తేడా రెండర్ బటన్ నొక్కాకే తెలుస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ షీటు తెరిచి టీజీపీ గానీ గ్రాఫిక్స్ పవర్ గానీ ఎన్ని వాట్లని రాశారో చూడండి. కొట్లో ఈ లెక్క చెప్పరు.

కడప తమ్ముడూ, నీది వేడి వల్లా, వాట్ల వల్లా అన్నది తెలుసుకోవచ్చు. రెండర్ మొదలుపెట్టి, పక్కన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టు:

```
nvidia-smi --query-gpu=temperature.gpu,power.draw,clocks.gr --format=csv -l 5
```

ఐదు సెకన్లకోసారి వేడి, వాట్లు, క్లాక్ చూపిస్తుంది. 20 నిమిషాలు వదిలెయ్. వేడి 85 దాటి అక్కడే నిలబడి వాట్లు మెల్లగా పడిపోతుంటే కూలింగ్ చాలట్లేదని అర్థం. వేడి 70 దగ్గరే ఉండి, వాట్లు మొదటి నుంచీ ఒక అంకె దాటకపోతే అది కంపెనీ గీసిన గిరి, లేదా సైలెంట్ మోడ్‌లో ఉంది, లేదా అసలు చార్జర్ కాకుండా చిన్న టైప్-సీ చార్జర్ పెట్టావు.

మాక్_మైలాపూర్
మాక్‌బుక్ ఎందుకు చూడరు? మా తమ్ముడిది అసలు వేడెక్కదు, ఫ్యాన్ చప్పుడే రాదు.

గచ్చు_గోడ
మాక్ మీద రెవిట్ లేదండీ. ఆటోక్యాడ్ ఉంది, స్కెచప్ ఉంది, రెవిట్ విండోస్‌కే. ఇక్కడ అడిగింది రెవిట్.

స్టూడియో_అక్క
మీరంతా వాట్ల గురించే. ఆ పిల్ల లోకల్ ట్రైన్లో వెళ్తుందని రాశారు కదా, ఎవరూ పట్టించుకోరేం? నేను అయిదేళ్లు బస్సులో మోశాను. 2.5 కిలోలంటే చార్జర్‌తో మూడున్నర దగ్గరికి వెళ్తుంది. దాని మీద షీట్ల ట్యూబు, జ్యూరీ రోజున థర్మోకోల్ మోడల్. మూడో ఏడులో నడుం పట్టేసి నెల రోజులు క్లాసులు పోయాయి. క్లాసులో చేసేది రెవిట్ ప్లాన్లు, దానికి 14 చాలు. ఇంటికొచ్చాక 24 అంగుళాల మానిటర్ పెట్టుకుంటే 16 కన్నా నయం.

ప్లాన్_సెక్షన్
నేను చెప్పింది కూడా అదే కదా. ప్రాసెసర్ చాలు. వాట్లు కొలవడానికి అదేమన్నా మోటారా?

గచ్చు_గోడ
మీరు చెప్పింది అది కాదండీ. కార్డే వద్దన్నారు. మీ మాట విని ఎవరైనా కార్డు లేనిది కొంటే, రెండో నెల ఎన్‌స్కేప్ తెరిచి ఏడుస్తారు. వర్క్‌స్టేషన్ కార్డుకి సర్టిఫై చేసిన డ్రైవర్లు ఉంటాయి, ఆఫీసులో దాని విలువ నాకు తెలుసు. స్టూడెంట్‌కి ఆ ధరకి వచ్చేది చిన్న కార్డు.

ప్లాన్_సెక్షన్
నా దగ్గర పనిచేసి వెళ్లిన పిల్లలు ఇవాళ పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఉన్నారు. రెండర్లు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు, డ్రాయింగ్ చూసి ఇచ్చారు. ఈ కాలం పిల్లలకి సెక్షన్ గీయడం రాదు గానీ రెండర్లు కావాలి.

కడప_కుర్రోడు
సార్, మాకు మార్కులు రెండర్‌కే వేస్తున్నారు. మేమేం చేసేది?

గచ్చు_గోడ అన్నా, కొట్టి చూసినా. మొదట 80 వాట్లు. ఎనిమిదో నిమిషానికి వేడి 87, వాట్లు 52కి పడినాయి. అప్పుడు ల్యాప్‌టాప్ మంచం మీద ఉంది, దుప్పటి మీద. బల్ల మీదికి మార్చి, వెనక వైపు కింద రెండు పుస్తకాలు పెట్టి మళ్లా నడిపినా. వేడి 83, వాట్లు 68 దగ్గర నిలబడినాయి. అడుగున జాలీ ఉంది, దుప్పటి దాన్ని మూసేస్తోంది. ఏడాదిన్నర నుంచి నేను చేస్తున్న తప్పు ఇది.

గచ్చు_గోడ
ఇంకా 80 కి రాలేదు కాబట్టి ఫ్యాన్లలో దుమ్ము కూడా చూడాలి. అడుగు మూత విప్పి, ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్‌తో ఊదు. రెక్క వదిలేసి ఊదితే అది విపరీతంగా తిరిగి పాడవుతుంది. మూత విప్పితే వారంటీ పోతుందేమో ముందు కనుక్కో.

స్టూడియో_అక్క
కూలింగ్ ప్యాడ్ కొంటే పోదా?

కడప_కుర్రోడు
నా రూమ్మేట్ దగ్గర ఉంది అక్కా. పుస్తకాలతో వచ్చిన తేడా కన్నా ఒకటో రెండో డిగ్రీలు ఎక్కువ తగ్గింది, అంతే.

గచ్చు_గోడ
ప్యాడ్ ఫ్యాన్లు జాలీకి సరిగ్గా ఎదురుగా రాకపోతే అంతకన్నా తగ్గదు. పైగా మేలో మన హాల్లో గాలే 36 డిగ్రీలు ఉంటుంది, ఆ గాలినే లోపలికి తోస్తాం. రాత్రి రెండర్ పెట్టేటప్పుడు ఆ ఏసీ గదిలో పెట్టండి, దానికి మించిన ప్యాడ్ లేదు.

తాంబరం_నాన్న
అందరికీ ధన్యవాదాలండీ. షీట్లు తీసి చూశాను. 14 అంగుళాలదానికి 65 వాట్లని రాశారు, 16 దానికి 115. కొట్టాయన్ని అడిగితే "అది వేరే లెక్క సార్" అన్నాడు. అమ్మాయి మాత్రం ట్రైన్లో నిలబడి మోయాల్సింది నేనే, 14 దే కావాలంటోంది. రాత్రిపూట ఏసీ గదిలో పెట్టుకుంటానంది. ఆ 65 వాట్లతో 600 ఫ్రేములు తెల్లారేసరికి అవుతాయంటారా?

గచ్చు_గోడ
సీను బట్టి ఉంటుందండీ. చెట్లు, గడ్డి ఎక్కువ పెడితే 8 జీబీ మెమరీ నిండిపోతుంది, అప్పుడు ఏ వాట్లూ కాపాడవు. అలాంటిది లేకపోతే రాత్రి పదికి పెడితే పొద్దున్నకి అవుతుంది. పెట్టేముందు పది ఫ్రేములు నడిపి టైము చూసుకోమనండి. చల్లగా ఉన్నప్పటి పది కాదు, 20 నిమిషాలు వేడెక్కాక పది.

ప్లాన్_సెక్షన్
ర్యామ్ 32 చేయించండి. ఇది ఎవరూ కాదనరు కదా?

గచ్చు_గోడ
ఇది కాదనను. ఆ 14 దానిలో ర్యామ్ బోర్డుకే అతికించారేమో చూడండి, అలా ఉంటే తర్వాత పెంచలేం.

తాంబరం_నాన్న
అది అడగలేదండీ. శనివారం మళ్లీ వెళ్తాం.