నిమిషానికి 60 రూపాయలు: వీడియో నిడివి లెక్కా, పని గంటల లెక్కా?

కొత్త_టైపిస్ట్: 42 నిమిషాల తెలుగు ఇంటర్వ్యూ, ఇద్దరు మాట్లాడతారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కావాలట. నిమిషానికి 60, రేపు సాయంత్రానికి ఇచ్చేయాలి అంటున్నారు. నిడివి మీద ఒప్పుకోవచ్చా, గంటల మీద అడగాలా?

గోదారి_గట్టు: ముందు గంటలు లెక్కేయండి. శుభ్రమైన ఆడియో అయితే విని రాసుకోవడానికే నిడివికి నాలుగింతలు పడుతుంది, అంటే మీకు మూడు గంటలు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే చోట్లుంటే నాలుగు. అనువాదం, టైమింగ్ కలిపి ఇంకో నాలుగున్నర. చివర్లో వీడియోతో పాటు ఆపి ఆపి చూడటానికి గంటన్నర. మొత్తం పది గంటలు, చేతికొచ్చేది 2,520. గంటకు 252 రూపాయలు. ఇది మీకు గిడుతుందో లేదో మీరే చూసుకోవాలి.

సైలెన్స్_కట్: నిడివి లెక్కే తప్పు బ్రదర్. మాట ఉన్న నిమిషాలకే రేటు పెట్టు. అప్పుడు క్లయింటూ గొణగడు, రేటూ పెంచుకోవచ్చు.

గోదారి_గట్టు: ఫైట్లు, పాటలు ఉన్న సినిమాకి అది సరే. ఇంటర్వ్యూలో 42కి 39 నిమిషాలు మాటే ఉంటుంది కదా, మూడు నిమిషాల కోసం బేరం ఎందుకు? పైగా మాట లేదని తేలాలంటే అదీ వినాల్సిందే. ఇక్కడ ధర తేల్చేది వేగం. ఆయన గబగబా రెండు సెకన్లలో "అడ్వాన్స్ ఇవ్వలేదని కాదు, లేటుగా ఇచ్చాడు" అన్నాడనుకోండి. మాటకు మాట ఇంగ్లీషులో పెడితే 58 అక్షరాలు, సెకనుకు 29. చాలామంది క్లయింట్లు అడిగే హద్దు 17 దగ్గర ఉంటుంది, అంటే రెండు సెకన్లకు 34. కుదిస్తే ఇలా వస్తుంది:

```
187
00:12:04,300 --> 00:12:06,300
He did pay the advance, only late.
```

సరిగ్గా 34. తొందరలో "కాదు" జారిపోయి ఇవ్వలేదు అని రాస్తే అర్థం తిరగబడుతుంది. ఇలాంటి వాక్యం ఒక్కోటి రెండు మూడు నిమిషాలు తినేస్తుంది, పైన చెప్పిన నాలుగున్నర గంటలు అక్కడే పోతాయి.

కామాక్షి_క్యాప్షన్: నాకూ ఇదే గొడవండీ! మొన్న ఒక క్లయింటుకి తెలుగు క్యాప్షన్లు పంపితే అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయన్నారు. పైగా సాఫ్ట్‌వేర్ సగం లైన్లు ఎర్రగా చూపిస్తోంది.

గోదారి_గట్టు: కామాక్షి గారూ, వారడిగింది ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ధర గురించి. అయినా చెప్తాను. ప్రశ్నార్థకాలు రావడానికి ఎక్కువసార్లు కారణం ఫైల్‌ని ANSIలో సేవ్ చేయడమే. UTF-8లో సేవ్ చేయండి. కానీ ప్రశ్నార్థకాలుగా సేవైన ఫైల్లో ఇక తెలుగు లేదు, అసలు కాపీ వెతకాలి. ఎరుపు సంగతి వేరు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం విడివిడిగా లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కి ఆరు. ఇంగ్లీషు కోసం పెట్టిన హద్దు తెలుగు మీద పడితే మంచి లైన్లు కూడా ఎర్రబడతాయి. తెలుగుకి హద్దు ఎంతో, ఎలా లెక్కపెడతారో క్లయింటునే అడగండి.

పోస్ట్‌ప్రొడక్షన్_బాబు: డబ్బులిచ్చే వైపు నుంచి ఒక మాట. గంటల లెక్క మేం ఒప్పుకోలేం. నెమ్మదిగా చేసేవాళ్ళకి ఎక్కువ ఇచ్చినట్టవుతుంది, బడ్జెట్టూ ముందే తేలదు. ఒప్పుకోవడానికి ముందు వీడియోలో గోల ఎక్కువున్న మూడు నిమిషాలు అడిగి తెచ్చుకోండి, చేసి చూడండి, ఎంతసేపు పట్టిందో దాన్ని బట్టి నిమిషం రేటు చెప్పండి. రేపటికే అంటే తొందర ఛార్జీ వేరే అడగండి, తప్పేం లేదు. ఇంకోటి, "98 శాతం కరెక్టు" అని మాటివ్వకండి. 6,000 మాటల్లో రెండు శాతమంటే 120 తప్పులు. మేం ముందు చూసేది పేర్లు, అంకెలు, "కాదు", "లేదు".

గోదారి_గట్టు: మూడు నిమిషాల మాట బాగుంది. కానీ గోల ఉన్న చోటు కొలిచి మొత్తానికి అదే రేటు అడిగితే మీరే ఎక్కువంటారు. ఒకటి గోలది, ఒకటి మామూలుది తీసుకుని సగటు వేయడం న్యాయం. తొందర ఛార్జీ విషయంలో నేను ఇంకా గట్టిగా అంటాను. రాత్రంతా కూర్చుని రాసినవాళ్ళు పొద్దున్నే తమ తప్పు తాము పట్టుకోలేరు. రెండో మనిషి వినాలి. ఆ గంటన్నర ఖర్చు ఆ ఛార్జీలోంచే రావాలి.

సైలెన్స్_కట్: రెండో మనిషికి ఇస్తే మనకి మిగిలేదేంటి?

పోస్ట్‌ప్రొడక్షన్_బాబు: రెండో మనిషిని మేమే పెట్టుకుంటాం. దానికి మీ రేట్లో మేమెందుకు కట్టాలి?

కొత్త_టైపిస్ట్: మూడు నిమిషాల ముక్కలు రెండు అడిగాను, పంపుతామన్నారు. ఇంకో డౌట్. సబ్‌టైటిల్స్ ఇచ్చాక వీడియో మళ్ళీ ఎడిట్ చేస్తే ఆ టైమింగ్ సర్దే పని ఉచితమా?

గోదారి_గట్టు: మొదట్లో 40 సెకన్ల టైటిల్ కలిపితే మొత్తం ఒకేసారి జరిపేయొచ్చు, ఒక నిమిషం పని, దానికి డబ్బడగొద్దు. మధ్యలో పది చోట్ల కోస్తే ప్రతి కోత దగ్గరా వినాలి, అది కొత్త పని. ఫైనల్ కాపీ మీదే మొదలుపెడతానని ముందే మెయిల్లో రాయించుకోండి.

పోస్ట్‌ప్రొడక్షన్_బాబు: ఫైనల్ అని మేం పంపేది ఎప్పుడూ ఫైనల్ కాదండీ. ఒక్కసారి సర్దడం రేట్లోనే కలిపి చెప్పండి.