‘వెళ్ళొస్తాం’ స్కెచ్: చివరి మాటకు నవ్వు రావడం లేదు

రాత్రిపూట రాత: ఫోనులో చూసే చిన్న హాస్య వీడియో ఒకటి తీశాను, దాని చివరి వాక్యాన్నే సాయంత్రం ఆరు నుంచి తిరగరాస్తున్నాను. చుట్టాలు “ఇక వెళ్ళొస్తాం” అని లేచి గుమ్మం దగ్గర, గేటు దగ్గర, స్కూటరు దగ్గర ఆగి మాట్లాడుతూనే ఉంటారు. చివరికి ఇంటాయన “రాత్రి భోజనం వేళయింది కదా, తినే వెళ్ళండి, మరేం పరవాలేదు” అంటాడు. చూసిన నలుగురూ మధ్యలో నవ్వారు గాని ఇక్కడ నవ్వలేదు. పంచ్ ఎలా మార్చాలి?

కెమెరా పని: నిడివి ఎంత?

నాటకాల పిచ్చి: పంచ్ అనడం ఎందుకండీ, ముక్తాయింపు అనే చక్కని మాట మనకు ఉంది. మా అపార్ట్‌మెంటులో వినాయక చవితికి వేసిన ప్రహసనంలో నవ్వుల హోరుకు తరువాతి మాట వినిపించలేదు కాబట్టి, చివరి మాట తరువాత మీరు కాస్త విరామం ఉంచాలి.

కెమెరా పని: అది వేదిక. ఇది ఫోను.

పాత రచయిత: కచేరీలో ముక్తాయింపు వచ్చే తీరు వినేవారికి ముందే అందుతుంది, పంచ్ మాత్రం అందకూడదు. విరామం సంగతి అలా ఉంచితే, ఇక్కడ లోపం చివరి వాక్యంలో కన్నా మధ్యలోనే ఎక్కువగా ఉంది. గుమ్మం, గేటు, స్కూటరు అంటూ చోటు మారుతోంది గాని ఇబ్బంది పెరగడం లేదు. గుమ్మం దగ్గర ఇంటాయన నిలబడి వినాలి, గేటు దగ్గరకు కుర్చీలు మోయాలి, స్కూటరు దగ్గరకు కాఫీ తేవాలి, ప్రతిసారీ చుట్టం అదే గొంతుతో “ఇక వెళ్ళొస్తాం” అనాలి. నాలుగోసారి ఇంటాయనే స్కూటరెక్కి, భార్యను వెనుక కూర్చోబెట్టుకుని “ఇక మేము వెళ్ళొస్తాం” అని బండి నడిపేస్తే, మూడుసార్లు విన్న మాటే తిరగబడి నవ్వు పుట్టిస్తుంది. మీ వాక్యంలో నవ్వు ‘భోజనం’ దగ్గరే పుట్టింది, ఆ తరువాతి మాటలన్నీ దాన్ని చల్లార్చాయి.

నాటకాల పిచ్చి: పదాల విరుపు లేకుండా హాస్యం నిలవదు, ఒక శ్లేష అయినా ఉండాలి.

పాత రచయిత: శ్లేష ఉంటే మంచిదే, కానీ ఇక్కడ ఆ పనిని తిరిగి వచ్చిన మాటే చేస్తోంది.

రాత్రిపూట రాత: నిడివి 90 సెకన్లు. మొదటి “వెళ్ళొస్తాం” 25వ సెకనులో వస్తుంది, అంతకు ముందు పలకరింపులు ఉన్నాయి. మొదటి ఫ్రేము మీద “రాత్రి భోజనం దాకా కదలని చుట్టాలు” అని అక్షరాలు కూడా వేశాను.

కెమెరా పని: నవ్వు ఆ అక్షరాల్లోనే పోయింది. తీసేయండి.

పాత రచయిత: ఈ అక్షరాల సంగతి మీరు ముందే చెప్పి ఉండవలసింది. పలకరింపులు కూడా తీసేసి, చుట్టం లేస్తుండగానే మొదలుపెట్టండి, మొదటి “వెళ్ళొస్తాం” అయిదారు సెకన్లలోపే వినిపించాలి. చివరి మాట పడ్డాక చుట్టం ఖాళీ కాఫీ గ్లాసుతో నిలబడిన ముఖాన్ని ఒక్క సెకను చూపి ఆపండి.

నాటకాల పిచ్చి: ఆ ఒక్క సెకనే నేను చెప్పిన విరామం.

రాత్రిపూట రాత: రేపు ఉదయం మళ్ళీ తీస్తాను. భార్య కూడా స్కూటరెక్కాలా, గేటు వేసి లోపలికి వెళ్ళాలా అన్నది ఇంకా తేలలేదు. ధన్యవాదాలు.